గురక పెడుతున్నాడు కదా అని వదిలేయకండి

మొన్న మన గ్రూపులో మత్తు మాత్రల గురించి నడిచిన చర్చ మొత్తం చదివాను. నిమ్మరసం పట్టించమని ఒకరు, నెత్తిన చన్నీళ్లు కుమ్మరించమని ఒకరు, "తెల్లారేసరికి దిగిపోతుంది, పడుకోనివ్వండి, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది" అని ఇంకొకరు. పెద్దవాళ్ల మీద గౌరవం ఉంది గానీ, ఈ మూడో సలహా మనిషిని చంపుతుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బ్రౌన్ షుగర్, ట్రమడాల్, టాపెంటడాల్, మార్ఫిన్ అన్నీ నల్లమందు జాతివే. సారా మత్తు వేరు, వీటి మత్తు వేరు. ఊపిరి తీసుకోమని మెదడు పంపే ఆజ్ఞనే ఇవి మందగింపజేస్తాయి. మనిషి నిద్రపోయినట్టే ఉంటాడు, లోపల ఊపిరి తగ్గిపోతూ ఉంటుంది. వాటి మీద సారాగానీ నిద్రమాత్రలుగానీ పడితే ఇంకా త్వరగా తగ్గుతుంది. మీరు గురక అనుకునేది చాలాసార్లు గురక కాదు, నాలుక వెనక్కి జారి సగం మూసుకున్న గొంతులోంచి గాలి కష్టపడి వెళ్లే గరగర.

ఉదాహరణకి ఒక పెళ్లి రాత్రి అనుకోండి. బరంపురంలో కల్యాణ మండపం మేడ మీద గది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. రెండు బీర్లు తాగి, పైన నొప్పి మాత్రలు మింగాడు. పదకొండింటికి పడుకున్నాడు. పన్నెండున్నరకి వాళ్ల పిన్ని దుప్పటి కప్పడానికి వెళ్లింది. గరగర వినిపిస్తోంది. ఆవిడ చేయాల్సిన మొదటి పని దుప్పటి కప్పడం కాదు. పేరు పెట్టి గట్టిగా పిలవాలి, భుజాలు పట్టి కుదపాలి. పలకకపోతే పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దాలి. మామూలు నిద్రలో ఉన్నవాడైతే తిట్టుకుంటూ లేస్తాడు.

లేవలేదు. అప్పుడు ఫోన్లో సెకన్లు చూస్తూ రొమ్ము ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. అర నిమిషంలో మూడే వచ్చాయి, అంటే నిమిషానికి ఆరు. పెద్దవాళ్లకి మామూలుగా పన్నెండు నుంచి ఇరవై ఉండాలి. పెదవులు నీలం తిరగడం మన చామనచాయ ఒంటి మీద అంత తేలిగ్గా తెలియదు, కింది పెదవి లోపలి భాగం, గోళ్లు చూడండి. రెప్ప ఎత్తితే కనుపాప సూదిమొనంత ఉండవచ్చు. ట్రమడాల్ విషయంలో అలా లేకపోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి కనుపాప మామూలుగా ఉందని ధైర్యపడొద్దు, ఊపిరి లెక్కే అసలు గుర్తు.

వెంటనే 108. ఒడిశాలోనైనా, మన చుట్టాలున్న కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లోనైనా అదే నెంబరు. "లేపితే లేవట్లేదు, ఊపిరి సరిగా ఆడట్లేదు" అనే మాట ముందు చెప్పి, తర్వాత చోటు, దగ్గరి గుర్తు చెప్పండి. ఏం మింగాడో దాచొద్దు. ఖాళీ మాత్రల అట్ట దొరికితే ఆంబులెన్సు వాళ్ల చేతికివ్వండి.

బండి వచ్చేలోపు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి, నుదురు వెనక్కి వంచి గడ్డం పైకెత్తితే గొంతు తెరుచుకుంటుంది. నోట్లో కనబడేదేమన్నా ఉంటే తీసేయండి. ఊపిరి మరీ తక్కువగా ఉంటే ముక్కు మూసి, నోటితో నోటికి ఐదారు సెకన్లకొకసారి, రొమ్ము లేచేంత ఊదాలి. ఊపిరే లేకుండా కదలిక కూడా ఆగిపోతే రొమ్ము మధ్యన ముప్పైసార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదుతూ ఆపకుండా సాగించాలి. 108 వాళ్లు ఫోన్లో చెప్పేది వింటూ చేయొచ్చు. ఊపిరి బాగానే ఆడుతూ స్పృహ లేకపోతే, వాంతి గొంతులోకి పోకుండా ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు.

నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏదీ పోయొద్దు. స్పృహ లేనివాడు మింగలేడు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించొద్దు, నడిపించొద్దు.

"మన ఇళ్లలో అలాంటివాళ్లు లేరు" అన్న పెద్దమనిషికి ఒక మాట. కేన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు, ఫెంటానిల్ పట్టీ వాడుతున్న తాతయ్య ఉన్న ఇల్లు కూడా ఈ లెక్కలోదే. ఆ పట్టీ మీద వేడినీళ్ల సంచి పెడితే మందు ఒంట్లోకి ఎక్కువ దిగుతుంది. ఆ మాత్రలు మనవడి చేతికి అందినా ఇదే కథ. అక్కడ పరువు మాటెందుకు?

ఇక పోలీసు భయం. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం, కాగితాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా అంతే. తర్వాత విచారణ ఏమీ ఉండదని నేను పూచీ ఇవ్వను. ఉంటే ఉండనీ, విచారణకి వాడు బతికి ఉంటాడు కదా!

దీనికి విరుగుడు మందు నలోక్సోన్. అమెరికాలో ముక్కులో కొట్టే స్ప్రేగా దుకాణాల్లో అమ్ముతారు, ఇక్కడ మాత్రం ఎక్కువగా ఆసుపత్రిలో ఇంజెక్షనుగానే అందుతుంది. అది పడగానే కుర్రాడు లేచి కూర్చోవచ్చు, "బాగానే ఉన్నాను, ఇంటికి పోదాం" అనొచ్చు. తీసుకురావద్దు. నలోక్సోన్ పని అర గంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, మింగిన మాత్ర అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది, ఊపిరి మళ్లీ ఆగొచ్చు. డాక్టరు పొమ్మనేదాకా అక్కడే ఉంచండి, పెళ్లి భోజనాలు మిగతావాళ్లు చూసుకుంటారు.