పదో మనిషి బద్దకస్తుడు కాదు

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాళ్ళ యార్డుకు కొత్త పిల్లలు వచ్చినప్పటి నుంచి తలా పని తగ్గిందట, దాంతో పాతోళ్ళకు ఇచ్చే బోనస్ కూడా పోయిందట. "కొత్తోళ్ళకు పని రాదు, మన పేరు చెడగొడుతున్నరు" అన్నాడు. కింద చాలామంది బొటనవేలు గుర్తు పెట్టారు. నేను పెట్టలేదు. ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను, రిపోర్టు మీద సంతకం కూడా పెట్టాను. అది తప్పని తర్వాత తెలిసింది.

అప్పుడు అబుదాబి దగ్గర ఒక సైటులో స్టీల్ యార్డు నా కింద ఉండేది. ఒక కటింగ్ మిషన్, ఒక బెండింగ్ మిషన్. రోజుకు తొమ్మిది గంటల పని. సైటు పని బట్టి మనుషులు పెరుగుతూ పోయారు. ప్రతి సాయంత్రం ఎన్ని టన్నులు వంచామో నా పాకెట్ బుక్కులో రాసుకునేవాణ్ణి. కాబట్టి ఇవి నా లెక్కలు, మా ఒక్క యార్డు లెక్కలు. మీ దగ్గర వేరేగా ఉండొచ్చు.

ఇద్దరే ఉన్నప్పుడు రోజుకు టన్నున్నర అయ్యేది. పన్నెండు మీటర్ల 25 ఎంఎం రాడ్డు ఒక్కటే దాదాపు 46 కిలోలు. దాన్ని తేవడానికి ఇద్దరూ మిషన్ వదిలేసి పోవాలి, అంతసేపు మిషన్ ఊరికే ఉంటుంది. నలుగురు అయ్యాక పని నాలుగు టన్నులకు ఎగబాకింది. ఇద్దరు మోస్తే ఒకరు వంచుతారు, ఒకరు కట్టలు కట్టి ట్యాగ్ వేస్తారు. మనుషులు రెట్టింపైతే పని రెట్టింపు కన్నా ఎక్కువైంది. తలకు టన్ను పడింది. ఆఫీసులో ఆ "తలకు టన్ను" అనే మాట అప్పుడే పట్టుకున్నారు, మళ్ళీ వదల్లేదు.

ఆరుగురు అయ్యాక ఐదున్నర టన్నులు. ఎనిమిది మందికి ఆరు టన్నుల మూడొందల కిలోలు. పది మందికి ఆరున్నర. సైటులో స్లాబు తొందర వచ్చి పన్నెండు మందిని పెడితే మళ్ళీ ఆరు టన్నుల మూడొందలకే దిగింది.

ఇక్కడ చూడండి. మొత్తం పని పది మంది దాకా పెరుగుతూనే ఉంది. కానీ కొత్తగా వచ్చిన ఇద్దరి వల్ల ఎంత పెరిగిందో అది తగ్గుతూ వచ్చింది. ఐదో, ఆరో మనిషి వస్తే టన్నున్నర పెరిగింది. ఏడు, ఎనిమిది వస్తే 800 కిలోలు. తొమ్మిది, పది వస్తే 200 కిలోలే. పదకొండు, పన్నెండు వస్తే ఉన్నదాంట్లోంచి 200 కిలోలు పోయింది.

ఆఫీసువాళ్ళు మాత్రం మొత్తాన్ని తలలతో భాగించారు. పది మందికి ఆరున్నర టన్నులంటే తలకు 650 కిలోలు. "ముందు టన్ను చేసేటోళ్ళు, ఇప్పుడు 650 ఏంది?" అని నన్ను నిలదీశారు. నేను పోయి ఆఖరున వచ్చిన ఇద్దరి మీద పడ్డాను. వాళ్ళు మిషన్ పక్కన నిలబడి ఉండటం నా కళ్ళతో చూశాను కదా! "పని తక్కువ" అని రాసి ఇచ్చాను.

అందులో ఒకడు జగిత్యాల వైపు పిల్లోడు. సాయంత్రం బస్సు దగ్గర నన్ను ఆపి, "అన్నా, నేను ఖాళీగ నిలవడ్తలేను. మిషన్ ఖాళీ అయితలేదు" అన్నాడు. ఎదురు చెప్తున్నాడని ఆ రోజు కోపం వచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని బెండింగ్ మిషన్ ఎదురుగా కూర్చున్నాను. మూడు రోజులు చూశాను.

పది మంది ఉన్నప్పుడు తొమ్మిది గంటల్లో మిషన్ ఎనిమిదింపావు గంటలు తిరుగుతూనే ఉంది. మిగతా ముప్పావు గంట సైజు మారినప్పుడు పిన్నులు మార్చడానికి, గ్రీజు పెట్టడానికి పోయింది. ఇక దాన్ని ఎవరు ఎంత ఉరికించినా తిరగడానికి టైమే లేదు. తర్వాత ఒక రోజు సైటుకు మనుషులు పోయి నలుగురే మిగిలితే అప్పుడూ చూశాను. మిషన్ ఐదు గంటలే తిరిగింది, మిగతా టైము రాడ్డు కోసం మిషనే ఎదురుచూసింది. అంటే మనిషి కోసం మిషన్ ఆగుతుంటే ఇంకో మనిషిని పెడితే లాభం. మిషన్ కోసం మనిషి ఆగుతుంటే ఇంకో మనిషిని పెట్టినా లైను పొడుగవుతుంది, అంతే.

ఇంకో పని కూడా చేశాను. జగిత్యాల పిల్లోణ్ణి మిషన్ మీద పెట్టి, అందరికంటే పాత మేస్త్రిని మోత పనికి పంపాను. టన్నులు అంతే వచ్చాయి. ఈసారి నిలబడింది పాత మేస్త్రి. పదో మనిషి ఎవరైనా సరే, 200 కిలోల్లో సగమే పెంచుతాడు. ఆ సంఖ్య మనిషిది కాదు, ఆ స్థానానిది.

పన్నెండు మందితో ఎందుకు తగ్గిందో వేరే చెప్పాలి. పొడుగు రాడ్డు వంచేటప్పుడు దాని తోక గుండ్రంగా తిరుగుతుంది. చుట్టూ జనం ఉంటే ప్రతిసారి "హటో, హటో" అని అరిచి మిషన్ ఆపాలి. కోసిన ముక్కలు కలిసిపోయి ఒక ట్యాగ్‌వి ఇంకో కట్టలో పడితే మళ్ళీ వంచాలి. ఆ వారంలోనే ఒకతని వేలు పిన్నుకు, రాడ్డుకు మధ్య నలిగింది. దాన్ని కూడా "అజాగ్రత్త" అనే రాశారు.

కంపెనీ వైపు నుంచి కూడా చెప్తాను. లెక్క కోసం ఒక మనిషికి జీతం, క్యాంపు, బస్సు అన్నీ కలిపి రోజుకు వంద దిర్హములు అనుకుందాం. మొదటి నలుగురితో కిలో పది ఫిల్స్‌కు వంగింది. ఏడో, ఎనిమిదో మనిషి పెంచిన కిలోకు పాతిక ఫిల్స్ పడింది. తొమ్మిదో, పదో మనిషి పెంచిన కిలోకు ఒక దిర్హం! ఇంజనీరుకు నా బాధ చెప్తే వినలేదు గానీ, ఈ దిర్హం లెక్క చూపిస్తే కుర్చీలోంచి లేచాడు.

మరి మనుషుల్నే ఎందుకు పెంచుతారు, మిషన్ ఎందుకు తేరు? మనుషుల్ని పక్క సైటు నుంచి సాయంత్రం బస్సులో తేవచ్చు. మిషన్‌కు కొటేషన్, హెడ్డాఫీసు సంతకం, కరెంటు లైను, షెడ్డు, ఇదంతా నెలల పని. ఆ నెలలన్నీ మిషన్ ఒకటే, మనుషులే పెరుగుతారు. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఉండదు. నైటు షిఫ్టు పెట్టకపోతే మిషన్ గంటలు ఇంకా తగ్గుతాయి, తలల లెక్క మాత్రం మారదు.

ఈలోగా మేము చేసింది కొంత ఉంది. ఒక సైజు రాడ్డు మొత్తం అయ్యాకే ఇంకో సైజు పెట్టాం, పిన్నులు మార్చే టైము సగానికి తగ్గింది. ఇద్దరిని రాత్రికి మార్చాం, అదే మిషన్ ఇంకొన్ని గంటలు తిరిగింది. కానీ తలకు టన్ను మళ్ళీ రాలేదు. రాదు కూడా.

అందుకే ఆ వాయిస్ పెట్టిన అన్నకు నేను చెప్పేది ఇది. కొత్తోళ్ళను తిట్టకు. మీ మిషన్ రోజుకు ఎన్ని గంటలు తిరుగుతుందో, ఎన్ని గంటలు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో వారం రోజులు కాగితం మీద రాయి. బోనస్ తలల మీద కాకుండా మొత్తం టన్నుల మీద కట్టమని, ఆ కాగితం పట్టుకుని నలుగురూ కలిసి పోయి అడగండి. నాలాంటి సూపర్‌వైజర్లు ఈ గ్రూపులో ఉంటే, "పని తక్కువ" అని రాసే ముందు ఒక పూట మిషన్ ఎదురుగా కూర్చోండి.

మా దగ్గర ఐదు నెలలకు రెండో బెండింగ్ మిషన్ వచ్చింది. అదే పన్నెండు మంది తొమ్మిది టన్నులు దాటించారు. అప్పటికి జగిత్యాల పిల్లోణ్ణి ఇంటికి పంపేశారు, నా కాగితం చూపించే. ఇప్పుడు లైను కటింగ్ మిషన్ దగ్గర మొదలైంది.