అరకు ప్రయాణానికి రెండు జాబితాలు

ఉడుపులు ముగిసి పొలం పనులు కొంచెం తెరిపినిచ్చే రోజుల్లో విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెల నుంచి చాలా కుటుంబాలు అరకు లోయకు బయలుదేరుతాయి. కొండలు పచ్చగా, గెడ్డలు నిండుగా ఉండేది అప్పుడే. అయితే ఈ ప్రయాణాలు సాగే పద్ధతి మాత్రం మారవలసి ఉన్నది. తెల్లవారుజామున అద్దె వ్యానెక్కి, బొర్రా, కటికి, చాపరాయి, అరకు అన్నీ ఒక్క రోజులోనే చుట్టి, చీకటిపడ్డాక ఘాట్ రోడ్డు దిగడం పరిపాటి అయింది. వేసవిలో ఎలాగో సాగే ఈ పద్ధతి వానాకాలంలో ప్రాణాల మీదకు తెస్తుంది. మధ్యాహ్నం వాన కురిస్తే రెండు గంటలు పోతాయి. పోయిన గంటల కోసం డ్రైవరు మంచులో, తడి మలుపుల్లో తొందరపడతాడు.

ఇందుకు విరుగుడు రెండు జాబితాలు. మొదటిది ఆరుబయట చూసేవి: చాపరాయి, కటికి జలపాతం, పద్మాపురం తోట. రెండవది కప్పు కింద చూసేవి: అరకులోని గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం. ఏది ఏ రోజని ఇంటి దగ్గరే నిర్ణయించుకోకూడదు. ఆనాటి ఉదయం ఆకాశాన్ని చూసి నిర్ణయించుకోవాలి. మామూలు రోజుల్లో కొండమీద వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పట్టుకుంటుంది. కనుక తెరిపి ఉన్న పూట ఆరుబయటివి ముందు చూసుకుని, మ్యూజియంలను వానకు అట్టిపెట్టుకోవాలి. వానలేని పూట మ్యూజియంలో గడిపి, వాన వచ్చాక చాపరాయికి పోవడం తలకిందుల పని.

బొర్రా గుహలు ఏ జాబితాలోకి వస్తాయి? పైన కప్పు ఉన్నది కదా, వానలో అక్కడికి పోదామని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అది సున్నపురాతి గుహ. పైన పడిన వాన నేలలోకి ఇంకి, గుహ కప్పు నుంచి బొట్లుబొట్లుగా కారుతుంది. మెట్లు జారతాయి. కరెంటు పోతే కటిక చీకటి. కాబట్టి బొర్రాను ఆరుబయటి జాబితాలోనే వేయాలి. ముందురాత్రి పెద్ద వాన కురిస్తే దానిని మానుకోవడమే మేలు.

కొత్తవలస దగ్గర ఒక పల్లెలోని ఆరుగురి కుటుంబం లెక్క చూద్దాం. రెండు పగళ్లు, ఒక రాత్రి వారి ప్రయాణం. ఉదయం విశాఖ నుంచి వచ్చే కిరండూల్ బండిని కొత్తవలసలో ఎక్కితే మధ్యాహ్న భోజనం వేళకు అరకు చేరవచ్చు. దారిలో సొరంగాలు, లోయలు కిటికీలోంచే కనిపిస్తాయి కనుక వాన పడినా ఆ పూట వృథా కాదు. దిగేసరికి తెరిపిగా ఉంటే నేరుగా చాపరాయి. వాన ఉంటే స్టేషనుకు దగ్గరలోనే ఉన్న మ్యూజియం. మర్నాడు తెరిపిగా ఉంటే పొద్దున్నే బొర్రాకు పోయి, గుహ చూసి, తిరుగు బండిని బొర్రా స్టేషనులోనే ఎక్కవచ్చు. వాన వదలకపోతే మిగిలిన మ్యూజియం చూసి అరకులోనే బండి ఎక్కవచ్చు. ఏ విధంగా జరిగినా చీకట్లో ఘాట్ దిగే పని లేదు.

రైలుకూ ఆటంకాలు లేకపోలేదు. పెద్ద వానలకు కొండచరియలు పట్టాల మీద పడితే బండ్లు నిలిచిపోతాయి. కనుక చేతిలో ఇంకొక రాత్రి బసకు సరిపడా సొమ్ము ఉంచుకోవాలి. తిరిగివచ్చిన మర్నాడు పెళ్లి, పరీక్ష, కోర్టు వాయిదా వంటివి లేకుండా చూసుకోవాలి. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెబితే ఏ జాబితా పనికిరాదు. ప్రయాణమే వాయిదా వేయాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఈ ప్రాంతాన్ని ఎలా ఊపేసిందో ఈ జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు.

చాపరాయి విషయం ఒకటి పిల్లలకు కూడా చెప్పి తీసుకువెళ్లాలి. అక్కడ వాన లేకపోయినా, ఎగువ కొండల్లో కురిసిన వాన కొంతసేపటికి గెడ్డలోకి దిగుతుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువచ్చినా, హోరు పెరిగినా వెంటనే రాతి మీద నుంచి గట్టుకు రావాలి. పాచి పట్టిన ఆ రాతి మీద కాలు జారితే మోకాలి లోతు నీరైనా లాక్కుపోతుంది.

వ్యాను మాట్లాడుకునేవారు కూడా రెండు రోజులకే మాట్లాడుకోవాలి. ‘చీకటిపడితే ఘాట్ దిగము, అక్కడే ఆగుతాము’ అని డ్రైవరుతో ముందే ఖాయం చేసుకోవాలి. ఆరు చోట్లలో రెండే చూసి వచ్చినా నష్టం లేదు. మిగిలిన నాలుగూ వచ్చే ఏడాదికీ అక్కడే ఉంటాయి.