కొత్త ఫోను చపలత్వం

ఇంట్లో అందరికీ వైఫై చక్కగా అందుతూనే ఉంటుంది. ఒక్క ఫోనుకు మాత్రం క్షణం ఉండి క్షణం పోతుంది. అప్పుడు ఇంటివారు మొదట ఆ ఫోనును తిడతారు. తరువాత కొత్తది కొనడానికి లెక్కలు వేస్తారు.

ముషీరాబాదులో మా చెల్లెలి ఇంట జరిగిందీ ఇదే. మేనకోడలు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతోంది. వెనకగదిలో కూర్చుని ఆన్‌లైను పాఠం వింటూంటే పదినిమిషాలకోసారి మాట తెగిపోతోంది. హాల్లో టీవీకి ఏ లోటూ లేదు. చిత్రమేమంటే, ఆ వెనకగదిలోనే మా చెల్లెలి అత్తగారి పాత ఫోనులో పురాణ ప్రవచనం నిరాటంకంగా సాగిపోతోంది!

"ఫీజు కట్టవలసిన నెలలో కొత్త ఫోనెక్కడ తేను, బావగారూ?" అన్నాడు మేనకోడలి తండ్రి.

"అమ్మాయీ, తార్నాకలో నీ స్నేహితురాలి ఇంట్లోనూ ఇలాగే తెగుతుందా?" అని అడిగాను.

"లేదు మామయ్యా, అక్కడ గంటలతరబడి బాగానే ఉంటుంది."

ఫోనును రౌటరు పక్కనే పావుగంట ఉంచి చూశాం. ఒక్కసారీ తెగలేదు. అంటే ఫోనుకు జబ్బు లేదు. చిక్కంతా రౌటరుకూ వెనకగదికీ నడుమ ఉందన్నమాట.

ఈకాలపు రౌటర్లు చాలామట్టుకు రెండు రకాల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కొంచెం నెమ్మది. కాని గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్‌ది మంచి వడి. రెండు గోడలు అడ్డుపడితే నీరసిస్తుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి, పరికరాలను వడిగలదానివైపు నెట్టడం చాలా రౌటర్లకు అలవాటు. ఏది ఎప్పుడు వదలాలో తేల్చుకునేది మాత్రం ముఖ్యంగా ఫోనే. అందులో ఒక్కొక్క ఫోనుది ఒక్కొక్క తీరు. మేనకోడలి ఫోను హాల్లో 5ను పట్టుకుని, వెనకగదికి వచ్చినా ఒకపట్టాన విడవదు. పూర్తిగా తెగాక 2.4కు దిగుతుంది. కాస్త బలం కనిపించగానే మళ్ళీ పైకి ఎగబాకుతుంది. ఆ ఎక్కి దిగడంలోనే పాఠం తెగుతోంది. అత్తగారి పాత ఫోనుకు 5ను అందుకునే శక్తే లేదు. రెండో దారి లేదు గనుక నిశ్చింతగా ఉంది!

రౌటరు అడుగున అంటించిన చీటీలో దాని చిరునామా ఉంటుంది. ఆ ఇంట్లో అది 192.168.1.1. దానిని బ్రౌజరులో కొట్టి లోపలికి వెళ్ళి, Smart Connect అన్నదానిని ఆపివేశాం (కొన్ని రౌటర్లలో దీనికి వేరే పేరుంటుంది). 2.4కు పాత పేరే ఉంచి, 5 పేరు చివర _5G చేర్చాం. టీవీని కొత్త పేరుకు కలిపాం. మేనకోడలి ఫోను పాత పేరుతోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం గంటసేపు పాఠం విన్నది, తెగలేదు. పెద్ద ఫైళ్ళు దిగడం కొంత ఆలస్యమవుతుంది. ఇరుగుపొరుగు రౌటర్లు కూడా ఈ 2.4నే వాడుతుంటాయి గనుక రాత్రివేళ వడి ఇంకా తగ్గవచ్చు. పాఠానికి అదే చాలు.

రౌటరు ఎదుట కూర్చున్నా తెగిపోయే ఫోనుకు ఈ వైద్యం పనిచెయ్యదు సుమా. దానికి ముందు వైఫై పేరు మీద Forget నొక్కి, పాస్‌వర్డు మళ్ళీ ఇచ్చి చూడాలి. అప్పటికీ తెగుతూ, ఇతరుల ఇళ్ళలోనూ అలాగే తెగుతూంటే, అప్పుడు మరమ్మతు దుకాణానికి తీసుకుపోవచ్చు.