‘పనిలో పనిగా’ ఖరీదెంత?

“వెబ్‌సైట్ మొత్తం చేసిపెట్టు తమ్ముడూ, ఒకటే మాట చెప్పు, ఎంత?” నరసరావుపేటలో ఫ్రీలాన్స్ పని మొదలుపెట్టిన కొత్తలో నన్నిలా అడిగారు. నేనూ ఒకటే మాట చెప్పేశా. ఆ ‘మొత్తం’లో ఏమేం ఉన్నాయో ఇద్దరం మాట్లాడుకోలేదు. నెల రోజుల పని నాలుగు నెలలు సాగింది. సగం డబ్బులు ఇప్పటికీ రాలేదు.

అప్పట్నుంచి రేటుతో పాటే ఒక పేజీ కాగితం పంపుతున్నా. దాన్నే స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ అంటారు.

పిడుగురాళ్లలో ఒక సున్నం వ్యాపారికి సైట్ కావాలనుకుందాం. 20 రోజుల పనికి మీరు 40 వేలు చెప్పారు. అంటే మీ రోజు ఖరీదు 2 వేలు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాగితంలో ముందుగా రాయాల్సింది ఏమిస్తారన్నది, అదీ అంకెల్లో. ‘మంచి డిజైన్’ అని రాస్తే అది ఎప్పటికీ పూర్తవదు. ‘ఇంగ్లిష్‌లో 6 పేజీలు, ఒక ఎంక్వైరీ ఫారం, డిజైన్‌లో 2 సార్లు మార్పులు’ అని రాయండి. కింద ఇందులో లేనివి కూడా చెప్పండి: డొమైన్, హోస్టింగ్ ఖర్చు, ఫొటోలు తీయడం, ఆన్‌లైన్ పేమెంట్.

పదో రోజున ఆయన “పనిలో పనిగా తెలుగులో కూడా పెట్టెయ్” అంటాడు. వినడానికి చిన్న మాటే, కానీ 6 పేజీలు 12 అవుతాయి. కాగితం ఉంటే గొడవ పడక్కర్లేదు. “పెడదాం అన్నా, ఇంకో 5 రోజులు పడుతుంది, 10 వేలు” అని వాట్సాప్‌లో రాసి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టండి.

తర్వాత డబ్బులు. అడ్వాన్స్ 16 వేలు, హోమ్ పేజీ డిజైన్ ఓకే అయ్యాక 12 వేలు, సైట్ పూర్తయ్యాక 12 వేలు. చిక్కంతా ఆ ‘పూర్తయ్యాక’ దగ్గరే. ఆయన ఫొటోలు పంపకపోతే సైట్ పూర్తి కాదు, మీ డబ్బులూ రావు. అందుకే ఈ మూడు మాటలు చేర్చండి. సమాచారం, ఫొటోలు 7 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యమైతే గడువు అన్ని రోజులు జరుగుతుంది, 15 రోజులు దాటితే అప్పటిదాకా చేసిన పనికి బిల్లు వేస్తాను. చూపించిన 5 రోజుల్లో జవాబు రాకపోతే ఓకే అన్నట్టే. చివరి 12 వేలు అందాకే సైట్ ఆయన డొమైన్ మీదకి వెళ్తుంది, అప్పటిదాకా మీ టెస్ట్ లింక్‌లోనే చూసుకోవచ్చు.

డొమైన్ మాత్రం మొదటి రోజు నుంచీ ఆయన పేరు మీద, ఆయన ఈమెయిల్‌తోనే కొనిపించండి. మీ పేరు మీద పెట్టుకుని డబ్బుల కోసం ఆపితే, న్యాయం మీ వైపున్నా మాట పడేది మీరే.

ఇదంతా పీడీఎఫ్‌గా పంపండి. ఫోన్‌లో “సరేలే, కానివ్వు” అంటే చాలదు, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అదీ, అడ్వాన్సూ వచ్చాకే ల్యాప్‌టాప్ తెరవండి.