కట్టనక్కర్లేని పన్నుకు కోత ఎందుకు?

పన్ను పరిధిలోకే రాని వృద్ధుల వడ్డీలోంచి ముందుగానే పది శాతం కోసుకుని, వెనక్కి కావాలంటే రిటర్ను వేసుకోమనడం అన్యాయం. ఆ కోతను ఆపే కాగితం చట్టంలోనే ఉంది. అరవై ఏళ్లు నిండినవారు బ్యాంకుకు ఇచ్చే ఆ స్వీయ ప్రకటనను ఊళ్లో అందరూ 15హెచ్ అంటారు. 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. సెక్షన్ల అంకెలు, పత్రాల నంబర్లు మారినా హక్కు మారలేదు. అయితే ఆ హక్కును ఏటా గుర్తుపెట్టుకుని, బ్యాంకుకు వెళ్లి, కాగితం నింపి ఇచ్చే భారమంతా ముసలివారి నెత్తినే ఉంది. ఆ భారాన్ని బ్యాంకులే మోయాలి.

లేపాక్షి మండలం సంగతే చూద్దాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంత కరువు సీమ ఇది. వేరుశనగ చేతికొస్తుందో లేదో తెలియని చోట, పొలం అమ్మిన సొమ్మో, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుని వడ్డీతో బతకడం వృద్ధులకు మిగిలిన దారి. ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై ఆరేళ్ల ఒంటరి అవ్వ తన మెట్ట పొలం అమ్మగా వచ్చిన 20 లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసింది. పురపాలక హద్దులకు దూరంగా ఉన్న సాగుభూమి కాబట్టి అమ్మకంపై పన్ను లేదు. ఏడాదికి వచ్చే వడ్డీ 1,40,000 రూపాయలు. వేరే ఆదాయం లేదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు అసలు పన్నే లేదు కాబట్టి ఆమె కట్టాల్సింది సున్నా.

అయినా ఆమె ప్రకటన ఇవ్వకపోతే కోత పడుతుంది. సీనియర్ సిటిజన్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష రూపాయలు దాటితే మూలంలోనే పది శాతం కోయాలన్నది నిబంధన. ఈ హద్దు 2018లో పది వేల నుంచి 50 వేలకు, 2025 ఏప్రిల్ నుంచి లక్షకు పెరిగింది. ఆ పెంపు మేలే చేసింది. కానీ హద్దు దాటిన తర్వాత కోత పైనున్న 40 వేల మీద మాత్రమే కాదు, మొత్తం 1,40,000 మీద పడుతుంది. అంటే 14,000 రూపాయలు. మూడు నెలలకోసారి 35,000 వడ్డీ రావాల్సిన చోట పాస్‌బుక్‌లో 3,500 మినహాయింపు వరుస కనిపిస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం, అంటే 28,000. పాన్ లేకుండా ఇచ్చిన ప్రకటన కూడా చెల్లదు. ఆధార్‌తో కలపాల్సిన పాన్‌ను కలపకుండా వదిలేస్తే అది పనిచేయని పాన్ అవుతుంది, అప్పుడూ ఆ 20 శాతం కోత తప్పదు.

ఒకసారి కోసిన సొమ్మును బ్యాంకు ప్రభుత్వానికి జమ చేసేస్తుంది. ఆ తర్వాత మేనేజరును ఎంత బతిమాలినా లాభం లేదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఆదాయపు పన్ను పోర్టల్‌లో రిటర్ను వేసి వాపసు కోరడం ఒక్కటే మార్గం. వేరే ఏ కారణంతోనూ రిటర్ను వేయనక్కర్లేని మనిషి, తన సొమ్ము తాను తెచ్చుకోవడానికి రిటర్ను వేయాలన్నమాట. ఫోన్‌కు ఓటీపీ రావాలి, బ్యాంకు ఖాతా ధ్రువీకరణ కావాలి, ఊళ్లో చేసేవారు లేకపోతే హిందూపురం వెళ్లి ఎవరికో ఫీజు ఇవ్వాలి. ఈ శ్రమకు వెరచి సొమ్మును వదులుకునే వృద్ధులు ఉంటారనడంలో ఆశ్చర్యం లేదు.

ఏప్రిల్ మొదట్లోనే ప్రకటన ఇచ్చి ఉంటే ఇదంతా తప్పేది. అది ఆ ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. జూలైలో ఇస్తే జూన్‌లో కోసినదాన్ని బ్యాంకు తిరిగి ఇవ్వదు, ఆ తర్వాతి కోతలు మాత్రమే ఆగుతాయి. మధ్యలో కొత్త డిపాజిట్ వేస్తే దానికీ ప్రకటన వర్తించేలా చూసుకోవాలి. భార్యాభర్తల ఉమ్మడి డిపాజిట్‌లో సాధారణంగా మొదటి పేరున్నవారి పాన్‌కే వడ్డీ లెక్క వెళుతుంది కాబట్టి ప్రకటన ఇవ్వాల్సింది వారే. రెండు బ్యాంకుల్లో డిపాజిట్లుంటే రెండు చోట్లా ఇవ్వాలి, రెండో దానిలో మొదటి దాని వివరం రాయాలి. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసినప్పుడు, ఆ రెండింటిలోనూ డబ్బు దాచుకున్నవారికి లెక్క ఒక్కటైంది. ఎందుకంటే కోత హద్దు మొత్తం బ్యాంకుకు గానీ బ్యాంకు శాఖకు కాదు.

ఈ ప్రకటనను ఏటా ఎందుకు అడుగుతున్నారంటే, ఆదాయాలు మారుతుంటాయని ఆదాయపు పన్ను శాఖ సమాధానం. అది నిజమే. పింఛను, వడ్డీ కలిపి పన్ను పడే స్థాయిలో ఉన్నవారు గానీ, ఆ ఏడాది హిందూపురంలో స్థలం అమ్మి పన్ను పడేంత లాభం పొందినవారు గానీ ఈ కాగితం ఇవ్వకూడదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇవ్వడం శిక్ష పడే నేరం. అయితే పాన్‌కు అనుసంధానమైన వడ్డీ వివరాలు ఇప్పటికే శాఖ వార్షిక సమాచార నివేదికలో చేరుతున్నాయి. 75 ఏళ్లు నిండి, పింఛను, వడ్డీ ఒకే నిర్దేశిత బ్యాంకులో ఉన్నవారి పన్ను లెక్క కట్టే బాధ్యతను 2021 నుంచే చట్టం బ్యాంకుకు అప్పగించింది. అక్కడ బ్యాంకును నమ్మిన ప్రభుత్వం, ఇక్కడ మాత్రం కాగితాన్నే ఎందుకు నమ్ముతోంది?

మా డిమాండ్లు మూడు. మొదటిది, ఒకసారి ఇచ్చిన ప్రకటన, ఆ వ్యక్తి మార్చేవరకు లేదా శాఖ రికార్డుల్లో పన్ను ఆదాయం కనిపించేవరకు చెల్లేలా చట్టం మార్చాలి. రెండోది, అంతవరకు ప్రతి మార్చిలో బ్యాంకులే నింపిన పత్రాన్ని తెలుగులో సిద్ధం చేసి, బ్యాంకుకు రాలేనివారి దగ్గరికి బ్యాంకు మిత్రతో పంపి సంతకం తీసుకోవాలి. మూడోది, ప్రకటన తీసుకున్న ప్రతిసారీ తేదీ, గుర్తింపు సంఖ్యతో రసీదు అక్కడికక్కడే ఇవ్వాలి. ఆ సంఖ్యను కేటాయించి వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపే బాధ్యత నిబంధనల ప్రకారం బ్యాంకుదే. అయినా కాగితం టేబుల్ మీద పెట్టించుకుని పంపేసే పద్ధతి పోలేదు. రసీదు లేనప్పుడు, కంప్యూటర్‌లో నమోదు కాలేదన్న మాటకు ముసలివారి దగ్గర జవాబు ఉండదు.

చట్టం మారేవరకు పాఠకులు ఒక పని చేయాలి. ఇంట్లో అరవై దాటినవారి పాస్‌బుక్ జూలై, అక్టోబర్, జనవరి నెలల్లో ముద్రించి చూడండి. కోత కనిపిస్తే అదే రోజు బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి, మిగిలిన నెలలకైనా ప్రకటన ఇప్పించండి. వచ్చే ఏప్రిల్ మొదటి వారంలో రసీదు చేతికొచ్చేవరకు కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.