అద్దెకు ముగింపు తేదీ పెట్టండి

అద్దెకు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెడితే ముగింపు తేదీ కూడా వేయాల్సిందే అంటాను. మా అగ్రిమెంటు 11 నెలలు, అద్దె 14,000. అందుకే నెలనెలా 5న వెళ్లేలా 11 సార్లకే పెట్టాను. మధ్యలో ఖాళీ చేస్తూ, చివరి నెల అద్దె అడ్వాన్సులో సర్దుకుందామని ఓనరు గారితో అనుకున్నా ఆ మాట బ్యాంకుకు తెలియదు కదా! రెండు మూడు రోజుల ముందే నెట్ బ్యాంకింగ్‌లో మనమే రద్దు చేయాలి.

కరెంటు బిల్లు ఆటోపే ఆ ఇంటి సర్వీసు నంబరు మీద ఉంటుంది. ఆపకపోతే మన తర్వాత దిగినవాళ్ల ఏసీ బిల్లూ మన ఖాతాలోంచే పోతుంది. ఫోన్లోంచి యాప్ తీసేస్తే అది ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపేలోకి వెళ్లి ఆ మాండేట్‌ను రద్దు చేయాలి. ఆఖరి రీడింగు బిల్లు మాత్రం నేను చూసుకుని స్వయంగా కడతాను.