ఆర్నెల్ల తీర్పు ఐదేళ్లకా?

మొన్న తెలుగు కుటుంబాలం భోజనాలకు కలిసినప్పుడు ఒక మిత్రుడు అడిగాడు: ‘డబ్బు పంచి గెలిచిన ఎమ్మెల్యేని ఎన్నికల సంఘం ఎందుకు తీసేయదండీ?’ తీసేయలేదు. ఫలితం ప్రకటించాక దాన్ని రద్దు చేసే అధికారం హైకోర్టుకే ఉంది. అదీ ఎవరైనా ఎన్నికల పిటిషన్ వేస్తేనే.

ఓడిన అభ్యర్థే వేయాలని లేదు. ఆ నియోజకవర్గంలో ఓటు హక్కున్న ఎవరైనా వేయవచ్చు, ఓటు వేయకపోయినా సరే. భారత పౌరసత్వం వదులుకోకుండా ఫారం 6ఏతో ఓటరుగా నమోదైన మనవాళ్లకూ ఆ హక్కుంది. అయితే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు వేయాలి. ఒక్కరోజు దాటినా కోర్టు మన్నించదు. లాయరుకు కాగితాలు పంపి ఊరుకుంటే చాలదు, పిటిషనర్ స్వయంగా దాఖలు చేయాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే విమానం ఎక్కాల్సిందే. ‘డబ్బు పంచారు’ అంటే కూడా సరిపోదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ ఇచ్చారో రాయాలి. అది అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ చేసినట్టో, వాళ్ల సమ్మతితో జరిగినట్టో రుజువు చేయాలి. చాలా పిటిషన్లు ఇక్కడే వీగిపోతాయి.

రుజువైతే ఏమవుతుందో మన దగ్గరే ఉదాహరణ ఉంది. 1967లో తాండూరు నుంచి మర్రి చెన్నారెడ్డి గెలిచారు. ఓడిన వందేమాతరం రామచంద్రరావు హైకోర్టుకెళ్లారు. 1968లో కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది. ఆరేళ్ల అనర్హత పడింది. 1971లో ఆయన నడిపిన తెలంగాణ ప్రజా సమితి 10 లోక్‌సభ సీట్లు గెలిచినా ఆయన మాత్రం పోటీ చేయలేకపోయారు.

ఇప్పుడు సీటు పోవడం వేరు, అనర్హత వేరు. 1975 సవరణ తర్వాత, అవినీతి చర్య రుజువైన వ్యక్తి విషయాన్ని మూడు నెలల్లోపు రాష్ట్రపతికి పంపాలి. ఎన్నికల సంఘం అభిప్రాయం ప్రకారం రాష్ట్రపతి అనర్హత ఎంతకాలమో తేలుస్తారు. ఆరేళ్లకు మించకూడదు. హైకోర్టు తీర్పుపై 30 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు, స్టే కోరవచ్చు. తప్పుడు తీర్పు పడితే కాచుకునే దారి ఉండాల్సిందే కనుక అందులో నాకు అభ్యంతరం లేదు.

నా అభ్యంతరం కాలం గురించి. విచారణ ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతోంది. కానీ 2018 డిసెంబరులో జరిగిన గద్వాల ఎన్నికపై తెలంగాణ హైకోర్టు తీర్పు 2023 ఆగస్టులో వచ్చింది. ఎన్నిక చెల్లదంది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరులో మళ్లీ ఎన్నికలే వచ్చేశాయి. ఎవరి వాదన న్యాయమైనా, తేలేలోగా పదవీకాలం అయిపోయింది.

‘ప్రయత్నించాలి’ అన్న ఆ మాటను ‘ముగించాలి’గా మార్చాలి. ఎన్నికల ఏడాదిలో ఈ పిటిషన్లకే ఒక జడ్జిని కేటాయించి, రోజూ విచారణ జరపాలి. 1968లో ఏడాదిన్నర లోపే హైకోర్టులో తేలింది. ఈ కాలంలో ఎందుకు తేలదు?